నొక్కినవాళ్ళదే తప్పంటారా?

ఈసారి వంటల గురించీ తోట గురించీ రాసే ఓపిక లేదు. పది రోజులుగా మా ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. అది ఇప్పుడిప్పుడే చల్లారుతోంది కానీ నా కోపం మాత్రం చల్లారలేదు. ఆ కోపం మా ఇంట్లోవాళ్ళ మీద కాదు. "ఫ్రీగా వస్తుందంటే చాలు, ఎక్కడపడితే అక్కడ నొక్కేస్తారు, తర్వాత ఏడుస్తారు" అని ఫోన్లో నవ్విన మా ఆడపడుచు భర్త మీద, ఆయనలా మాట్లాడే చదువుకున్నవాళ్ళందరి మీద.

జరిగింది ముందు చెప్తాను.

మా అత్తయ్య జీడిపిక్కల కాలంలో పగలంతా తోటలోనే ఉంటారు, కొన్ని రాత్రులు అక్కడే పాకలో పడుకుంటారు. రాజవొమ్మంగి సెంటర్లో ఫోన్ బాగానే పలుకుతుంది. మా తోట వైపు గుట్ట దాటితే ఒక్క గీత కూడా ఉండదు. ఆవిడ దగ్గర ఉన్నది బటన్ ఫోన్. అందులో మెమరీ కార్డు వేసి హరికథలు వింటారు. కార్డులో ఉన్నవన్నీ ఆవిడకి నోటికొచ్చేశాయి. "కొత్తది ఏదైనా ఎక్కించమ్మా, రాత్రిపూట పొద్దుపోవట్లేదు" అన్నారు. సెల్ షాపులో డబ్బులిస్తే ఎక్కిస్తారు, నేనే చేద్దాంలే అనుకున్నాను. మా అమ్మాయి కాకినాడ హాస్టల్‌కి వెళ్తూ వదిలేసిన పాత లాప్‌టాప్ ఇంట్లో ఉంది. మావాడు, అంటే మా అబ్బాయి, పదో తరగతి పాఠాలు చూసుకునేది అందులోనే.

ఆదివారం మధ్యాహ్నం యూట్యూబ్‌లో నలభై నిమిషాల హరికథ ఒకటి దొరికింది. దాని లింకు కాపీ చేసుకుని, వీడియో డౌన్‌లోడ్ అని గూగుల్‌లో వెతికి, పైన వచ్చినవాటిలో ఒకటి తెరిచాను. తెల్లటి పేజీ, మధ్యలో ఒక పెట్టె, లింకు అందులో పెట్టమంటుంది. పెట్టాను. కింద ఆకుపచ్చగా, నా అరచేయంత Download అనే బటన్ వచ్చింది. నొక్కాను. ఇంకో ట్యాబ్ తెరుచుకుని, అందులో ఒక రోబో బొమ్మ, "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి Allow నొక్కండి" అని ఇంగ్లీషులో ఉంది. పైన మూలన చిన్న పెట్టెలో Allow, Block అని రెండు మాటలు. నేను రోబోని కాదు కదా, Allow నొక్కాను. వెనక్కి వచ్చి మళ్ళీ Download నొక్కితే, వేగంగా దిగాలంటే ఇది చేర్చుకోండి అంటూ ఎక్స్‌టెన్షన్ పేజీ తెరిచింది. అది గూగుల్ వాళ్ళ క్రోమ్ వెబ్ స్టోరే. గూగుల్‌ది కదా అనుకుని Add extension కూడా నొక్కాను. మూడోసారి నొక్కితే ఏదో చిన్న ఫైలు దిగింది. అది కాదనిపించి మళ్ళీ పేజీలోకి వెళ్ళి వెతికితే, కింద బూడిద రంగులో సన్నగా ఇంకో లింకు కనిపించింది. అది నొక్కితే అసలు హరికథ దిగింది. కార్డులోకి ఎక్కించి అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడ సంతోషం, నా సంతోషం. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

ఇక్కడే ఒక మాట. నాకు కావలసిన వీడియో నిజంగానే వచ్చింది. అసలేమీ రాకపోయుంటే ఏదో మోసం అనుకునేదాన్ని. పని జరిగిపోయింది కాబట్టి అనుమానమే రాలేదు. ఇలాంటి పేజీల్లో కొన్ని అచ్చంగా ఇలాగే బతుకుతాయి. పిట్టకి గింజలు నిజంవే వేస్తారు, వలే కనపడదు.

సోమ, మంగళ, బుధవారాలు ఏమీ లేదు. గురువారం సాయంత్రం మా వారు బిల్లు చూసుకుందామని లాప్‌టాప్ తెరిస్తే, కుడివైపు కింద మూలన ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు. ఒకటి మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయంటుంది. ఇంకోటి పందెం ఆట. మరోటి పిల్లలు చూడకూడని బొమ్మ, మీ ఊళ్ళో అమ్మాయిలు అంటూ. గూగుల్‌లో ఏదైనా కొడితే ఇంకేదో పేరున్న వెతుకులాట పేజీకి పోతోంది.

ఆ లాప్‌టాప్ రోజూ వాడేది ఎవరు? మావాడు. పదిహేనేళ్ళ మగపిల్లాడు. ఇక మా వారికి వేరే రుజువు అక్కర్లేకపోయింది. "ఏం చూస్తున్నావురా రాత్రిళ్ళు?" అని మొదలుపెట్టి, వాడు లేదు నాన్నా అన్నకొద్దీ గొంతు పెంచి, చివరికి చెంప మీద ఒకటి వేశారు. లాప్‌టాప్ బీరువాలోకి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం. ఆ బొమ్మ చూసి నాకూ వాడి మీదే అనుమానం వచ్చింది. రెండు రోజులు వాడు అన్నం దగ్గర తలెత్తలేదు.

శనివారం రాత్రి కాకినాడ నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నా కొత్త లాప్‌టాప్‌లో ఏవేవో వస్తున్నాయి, గూగుల్ కొడితే వేరేచోటికి పోతోంది, నేనేమీ చెయ్యలేదే" అంది. నా గుండె ఆగినంత పనైంది. మావాడు కాకినాడ వెళ్ళి అక్క లాప్‌టాప్ ముట్టుకోలేదు కదా!

అమ్మాయి వాళ్ళ కాలేజీలో తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లోనే దారి చూపించింది. నేను బీరువా తీసి, చెప్పినవి చెప్పినట్టు చేశాను. క్రోమ్‌లో అడ్రసు రాసేచోట chrome://extensions అని కొడితే, చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లన్నీ కనిపిస్తాయి. అందులో నేను ఆదివారం చేర్చుకున్నది ఉంది. అదే అమ్మాయి లాప్‌టాప్‌లోనూ ఉంది. ఎలాగంటే, పాతదానిలోనూ కొత్తదానిలోనూ అమ్మాయి గూగుల్ అకౌంటే ఉంది. ఒకచోట క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్ చేరిస్తే, అదే అకౌంటుతో సింక్ పెట్టుకున్న వేరే కంప్యూటర్లలోకి కూడా అది తనంతట తానే చేరిపోతుంది. రాజవొమ్మంగిలో నేను నొక్కితే కాకినాడలో దిగింది. దిగిన ఫైళ్ళ జాబితా చూస్తే ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల తేదీ, హరికథ పక్కనే ఆ చిన్న ఫైలు. దాన్ని నేను తెరవకపోవడం మా అదృష్టం.

అంటే చేసింది నేను. దెబ్బ తిన్నది పిల్లాడు.

ఈ సంగతి మా ఆడపడుచు భర్తకి చెప్తే ఆయనన్నమాటే మొదట్లో రాశాను. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. "చెల్లెమ్మా, ఇందులో కొత్తేముంది, చదవకుండా నొక్కితే అంతే" అన్నారు. అన్నయ్యగారూ, నేను చదివాను. చదివినదే అబద్ధం. దానికేమంటారు?

రోబో కాదని నిరూపించుకోమన్న పేజీ సంగతే చూడండి. ఆ రోబో బొమ్మా, ఆ మాటలూ ఆ సైటువాడు గీసుకున్నవి. పైన మూలన వచ్చే చిన్న పెట్టె మాత్రం క్రోమ్‌ది. ఆ పెట్టెలో అసలు రాసున్నది "ఈ సైటు మీకు నోటిఫికేషన్లు చూపిస్తానంటోంది, ఒప్పుకుంటారా" అని, Show notifications అనే రెండు చిన్న మాటల్లో. అంటే ప్రశ్న క్రోమ్ అడుగుతోంది, ఆ ప్రశ్నకి అర్థం మాత్రం పక్కనున్న దొంగ చెప్తున్నాడు. బ్యాంకులో వేలిముద్ర వేసేటప్పుడు కాగితం మీద ఒకటి ఉంటే, పక్కనున్నవాడు ఇంకోటని చదివి వినిపించినట్టు. వేలిముద్ర వేసినవాళ్ళని తప్పు పట్టే రోజులు ఈ ఏజెన్సీలో చాలా ఏళ్ళు నడిచాయి. అప్పుడు కూడా చదువుకున్నవాళ్ళు ఇదే అన్నారు, చూసుకోకుండా ఎందుకు వేశారని.

ఇది తెలిశాక గుర్తుపట్టడం కష్టం కాదు. మనిషా రోబోనా అని నిజంగా పరీక్షించే సైట్లు పేజీ లోపలే పరీక్షిస్తాయి, టిక్కు పెట్టమనో, సైకిల్ బొమ్మలు ఏరమనో. అడ్రసు పక్కన వేలాడే Allow పెట్టెతో ఎవరూ పరీక్షించరు. వీడియో దిగడానికి నోటిఫికేషన్‌తో ఏ సంబంధమూ లేదు. ఏ పేజీ అయినా ఏ కారణం చెప్పి అయినా Allow నొక్కమంటే, ఆ కారణం అబద్ధమే అనుకుని Block నొక్కండి.

మా వారిని అంత భయపెట్టిన ఐదు వైరస్‌ల హెచ్చరిక కూడా ఆ Allow నుంచి వచ్చిందే. అది వైరస్ కాదు, ప్రకటన. తర్వాత తీరిగ్గా చూస్తే, ఆ హెచ్చరికలోనే Google Chrome అనీ, సన్నటి అక్షరాల్లో ఒక సైటు పేరూ ఉన్నాయి. కంప్యూటర్‌లో నిజంగా వైరస్ పడి విండోస్ చెప్తే, Windows Security పేరుతో చెప్తుంది. ఎక్కడో ఉన్న వెబ్‌సైటు పేరుతో చెప్పదు. ఆ సన్నటి వరస ఒక్కటి ఆ రోజు చదివుంటే పిల్లాడి చెంప మిగిలేది. తీసెయ్యడం కూడా రెండు నిమిషాల పని. chrome://settings/content/notifications అని కొడితే మనం ఒప్పుకున్న సైట్ల జాబితా వస్తుంది. తెలియని పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి Remove అంటే పోతుంది. మా దాంట్లో ఒకటనుకుంటే నాలుగున్నాయి. మిగతా మూడు ఎవరు నొక్కారో నేను అడగలేదు, అడగను కూడా.

ఎక్స్‌టెన్షన్ సంగతి ఇంతకంటే పెద్దది. నోటిఫికేషన్ అంటే గుమ్మం బయట నిలబడి అరిచేవాడు. ఎక్స్‌టెన్షన్ అంటే ఇంట్లో మంచం వేసుకున్నవాడు. చేర్చుకునేటప్పుడు క్రోమ్ ఒక పెట్టె చూపిస్తుంది. అందులో Read and change all your data on all websites అని ఉంటే, మీరు తెరిచే ప్రతి పేజీనీ, బ్యాంకు పేజీతో సహా, అది చదవగలదు, మార్చగలదు అని అర్థం. హరికథ దింపడానికి వచ్చినవాడికి బీరువా తాళాలు ఎందుకు?

"గూగుల్ స్టోర్‌లోదే కదా" అని నేను మోసపోయినట్టే ఎవరైనా మోసపోతారు. 2020 డిసెంబరులో అవాస్ట్ అనే వైరస్ పరిశోధన సంస్థ, క్రోమ్, ఎడ్జ్ స్టోర్లలో ఉన్న 28 ఎక్స్‌టెన్షన్లలో దొంగ కోడ్ ఉందని బయటపెట్టింది. దాదాపు 30 లక్షల సార్లు అవి దిగాయని లెక్క కట్టింది. అందులో చాలావాటి పని ఏమిటనుకున్నారు? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, విమియోల నుంచి వీడియోలు దింపడం. నన్ను నిలబెట్టేసింది తర్వాతి నెలల్లో వాళ్ళు రాసిన వివరం. అవి చేర్చుకున్న వెంటనే ఏ అల్లరీ చెయ్యవట. కనీసం మూడు రోజులు బుద్ధిగా కూర్చుని, ఆ తర్వాత మొదలుపెడతాయట. పైగా ఆ కంప్యూటర్ వాడేది సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళని అనుమానం వస్తే తలదాచుకుంటాయట.

ఈ రెండు వాక్యాలూ మళ్ళీ చదవండి. మా ఇంట్లో దిగింది వాటిలోదే అని నేననను. అవి అప్పుడే స్టోర్ల నుంచి తీసేశారు. కానీ తీరు ఇదే. మూడు రోజులు ఎందుకు ఆగుతుంది? నొక్కిన చెయ్యికీ వచ్చిన నష్టానికీ మధ్య ముడి తెగిపోవడానికి. ఆదివారం నొక్కితే గురువారం బయటపడితే, గురువారం ఎవరు వాడుతుంటే వాళ్ళే దోషులు. ప్రతి ఇంట్లో ఆ దోషి ముందే సిద్ధంగా ఉంటాడు. పెరిగే మగపిల్లాడో, కొత్తగా ఫోన్ నేర్చుకున్న అత్తగారో, "నీకేం తెలుసు" అనిపించుకునే నాలాంటి ఇల్లాలో. తెలిసినవాళ్ళ కంట పడకుండా దాక్కుని, తెలియనివాళ్ళ దగ్గర చెలరేగేలా రాసినదాన్ని పట్టుకుని, తెలిసినవాళ్ళే మనల్ని "మాకెప్పుడూ ఇలా అవ్వదే" అంటారు. అవ్వదు మరి అన్నయ్యగారూ, అది మిమ్మల్ని చూసి దాక్కుంటోంది.

ఇంకో సంగతి అమ్మాయి చెప్పింది. యూట్యూబ్ వీడియోలు దింపే ఎక్స్‌టెన్షన్లని గూగుల్ తన స్టోర్‌లో ఉండనివ్వదు, అది వాళ్ళ నియమం. కాబట్టి ఆ స్టోర్‌లో కూర్చుని "యూట్యూబ్ నుంచి దింపిపెడతాను" అనేది ఏదైనా ఉంటే, అది నియమం తప్పి దూరినదైనా అయ్యుండాలి, లేక చెప్పిన పని కాక వేరే పనికి వచ్చినదైనా అయ్యుండాలి. పేరు చూడగానే తేల్చుకోవచ్చు. మిగతా గుర్తులు వెతకక్కర్లేదు.

ఇక ఆ మూడో ఫైలు. ఒట్టి అంకెలూ పదాలూ కలిపిన పేరు, చివర .exe అని ఉంది, రెండు ఎం.బి.లు. హరికథ ఫైలు చివర .mp4, నూరు ఎం.బి. దాటింది. నలభై నిమిషాల వీడియో రెండు ఎం.బి.లలో పట్టదు, మడిచినా పట్టదు. .exe, .msi అని ఉంటే అది వీడియో కాదు, కంప్యూటర్‌లో ఏదో పెట్టే ప్రోగ్రాము. ఫోన్లో అయితే .apk. జిప్ ఫైలు ఇచ్చి, పాస్‌వర్డ్ ఇదిగో అని పక్కన రాస్తే మరీ అనుమానించాలి. తాళం వేసిన పెట్టెలో ఏముందో యాంటీవైరస్‌కి కనపడకూడదనే ఆ తాళం. తిరకాసేమిటంటే, విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరాలని చూపించదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో View లోకి వెళ్ళి File name extensions దగ్గర టిక్కు పెడితేనే కనిపిస్తాయి. అది లేకపోతే harikatha.mp4.exe అనే ఫైలు harikatha.mp4 లాగే కనిపించి కూర్చుంటుంది.

పొరపాటున అది తెరిచేసి ఉంటే ఏం చెయ్యాలో కూడా అడిగి తెలుసుకున్నాను. నెట్ తీసెయ్యాలి. Windows Security లో Microsoft Defender Offline scan అని ఉంటుంది. కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచి, పదిహేను నిమిషాలపాటు వెతుకుతుంది. ఈలోగా వేరే ఫోన్ నుంచి జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చుకుని, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చెయ్యాలి. ఒట్టి పాస్‌వర్డు మారిస్తే చాలదట, ఎందుకంటే ఈ రకం దొంగలు పాస్‌వర్డుతో పాటు ఆల్రెడీ లోపల ఉన్నామనే గుర్తుని కూడా ఎత్తుకుపోతారు. డబ్బు పోయిందని తెలిస్తే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఇదేదో మన అమాయకత్వం వల్ల మనకే వచ్చిన జబ్బు కాదు. అమెరికాలో ఎఫ్.బి.ఐ. డెన్వర్ ఆఫీసు 2025 మార్చిలో, ఉచితంగా ఫైళ్ళు మార్చిపెట్టే సైట్ల మీదా, ఎంపీ3, ఎంపీ4 దింపే పనిముట్ల మీదా ఇదే హెచ్చరిక చేసింది.

పెద్ద ఆకుపచ్చ బటన్ ఎందుకు అబద్ధమవుతుంది, సన్నటి బూడిద లింకు ఎందుకు నిజమవుతుంది? నాకు ఇది చాలాసేపు అర్థం కాలేదు. ఆ పేజీకి డబ్బు వీడియో ఇచ్చినందుకు రాదు, ప్రకటన నొక్కించినందుకు వస్తుంది. యూట్యూబ్ నుంచి ఇలా దింపడానికి యూట్యూబ్ నియమాలు ఒప్పుకోవు కాబట్టి పేరున్న కంపెనీల ప్రకటనలు ఈ పేజీలకి రావడం కష్టం. మిగిలేది ఎవరి ప్రకటననైనా ఏ ప్రశ్నా వెయ్యకుండా వేసే దళారులు. వాళ్ళు నొక్కుకి ఇంత, నోటిఫికేషన్‌కి ఇంత, ఎక్స్‌టెన్షన్ చేరిస్తే ఇంత అని ఇస్తారు. అలాంటప్పుడు మనం మొదటిసారే సరైన చోట నొక్కితే వాడికి నష్టం. అందుకే తప్పు బటన్ పెద్దగా, సరైనది దాచినట్టుగా ఉంటుంది. మౌస్‌ని బటన్ మీద నొక్కకుండా ఆనిస్తే కింద ఎడమ మూలన అది ఎక్కడికి తీసుకెళ్తుందో పేరు కనిపిస్తుంది. ఆ పేజీ పేరు కాక వేరేది ఉంటే అది ప్రకటన. కానీ ఇది పూర్తిగా నమ్మే గుర్తు కాదు, ఆ పేరుని కూడా దాచే వీలుంది. నొక్కగానే కొత్త ట్యాబ్ తెరుచుకుంటే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు, దాన్ని మూసెయ్యండి.

ఇంకోటి, నిన్న మంచిగా ఉన్న పేజీ ఇవాళ మంచిదని లేదు. ఒకప్పుడు కోట్లమంది వాడిన youtube-mp3.org అనే సైటుని సంగీత కంపెనీలు కోర్టుకి లాగితే 2017లో మూతపడింది. అలా పెద్ద సైటు మూతపడితే, అదే పేరుకి ఒక అక్షరం అటూఇటూ చేసి, చివర .com బదులు ఇంకోటి పెట్టి పది పుడతాయి. ఫలానా సైటు మంచిదేనా అని నన్నడక్కండి. పేరు చెప్పాననుకోండి, మీరు కొట్టేసరికి అది వేరేవాడి చేతిలో ఉండొచ్చు.

మన తెలుగువాళ్ళకి దగ్గరి ఉదాహరణ ఐబొమ్మ. అది సినిమాల సైటు, డౌన్‌లోడర్ కాదు, అయినా డబ్బు దారి ఒక్కటే. 2025 నవంబరులో దాన్ని నడిపినతన్ని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. 50 లక్షలమంది వివరాలు అతని దగ్గరున్నాయనీ, ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌లని ప్రచారం చేశాడనీ పోలీసులు చెప్పారు. కేసు కోర్టు తేలుస్తుంది. నేను మాట్లాడేది ఆ రోజుల్లో మన ఫేస్‌బుక్ నిండా వచ్చిన జేజేల గురించి. పేదవాడికి సినిమా చూపించాడని, రాబిన్‌హుడ్ అని! టికెట్ల ధరల మీద కోపం నాకూ ఉంది. కానీ పేదవాడి ఇంటికి సినిమా పట్టుకొచ్చి, పేదవాడి కొడుకుకి పందెం ఆట అంటగడితే అది దానం ఎలా అవుతుంది? నొక్కిన ఇల్లాలు తెలివితక్కువది, నొక్కించినవాడు హీరో. ఈ లెక్క నాకు అర్థం కావట్లేదు.

"అసలు డౌన్‌లోడ్ ఎందుకు, యూట్యూబ్ యాప్‌లోనే దాచుకోవచ్చుగా" అని మీలో కొందరు అంటారు. నిజమే, మన దేశంలో 2014 నుంచీ చాలా వీడియోలని యాప్‌లోనే దాచుకునే వీలుంది. పిల్లల పాఠాలకైతే ప్రభుత్వం వారి దీక్ష యాప్‌లో కూడా దింపుకుని నెట్ లేకుండా చూడొచ్చు. మావాడికి ఇప్పుడు అదే పెట్టాం. కానీ యాప్‌లో దాచినది ఆ యాప్‌లోనే ఉంటుంది, మెమరీ కార్డులోకి రాదు, బటన్ ఫోన్లో పలకదు. మధ్యమధ్యలో నెట్‌కి కలపకపోతే ఆగిపోతుంది. ఆ సౌకర్యం తయారుచేసినవాళ్ళు టవర్ కింద కూర్చునే మనిషిని తలుచుకుని చేశారు, గుట్ట అవతల పాకలో పడుకునే మనిషిని కాదు. అవసరం ఎక్కువున్నవాళ్ళకే దొంగ దారి తప్ప వేరే దారి లేకుండా చేసి, ఆ దారిలో ఎందుకు నడిచావనడం అన్యాయం.

అత్తయ్యకి మా వారి పాత టచ్ ఫోన్ ఇచ్చాం. మూడు నాలుగు రోజులకోసారి ఇంటికొచ్చినప్పుడు నేను యాప్‌లో రెండు కథలు దాచిపెట్టి ఇస్తున్నాను. ఆవిడకి ఇంకా నచ్చలేదు, "వేలు తగిలితే ఎక్కడికో పోతోందమ్మా, నా పాతదే నయం" అంటున్నారు. ఎక్స్‌టెన్షన్ రెండుచోట్లా తీసేశాం. అమ్మాయి తన అకౌంటుకి కొత్త పాస్‌వర్డు పెట్టుకుని, ఇంట్లో లాప్‌టాప్ నుంచి తన అకౌంటు తీసేసింది. ఇప్పుడది మావాడి పేరు మీద ఉంది.

వాడికి నేను చెప్పాను, అమ్మ వల్ల జరిగిందిరా అని. "ఆదివారం నువ్వు కూర్చున్నావని నాకు గుర్తుంది అమ్మా, చెప్తే నాన్న నిన్నంటారని చెప్పలేదు" అన్నాడు. వాళ్ళ నాన్న మాత్రం ఇంతవరకు పొరపాటైంది అనలేదు. మొన్న సాయంత్రం ఆయన ఫోన్లో ఏదో హెచ్చరిక వస్తే, దాన్ని పట్టుకుని వరండాలోకి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నారు. "ఇదిగో, దీని మీద సన్నక్షరాల్లో ఏ సైటు పేరుందో చదివి చెప్పరా" అని అడుగుతున్నారు.